“అదే, నేను చెప్పేది అదే” అనే దాకా: ఇద్దరు సహోద్యోగుల గొడవలో మధ్య మనిషిగా కూర్చోవడం ఎలా

శుక్రవారం మధ్యాహ్నం 1:10కి మాధవి వాట్సాప్ గ్రూపులో డీవో పెట్టింది. పైడిరాజు దాన్ని చూసింది సాయంత్రం 4:40కి. విశాఖలో మాది పోర్టుకొచ్చిన సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించే క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు. మాధవి ద్వారకానగర్‌లో కూర్చుని డాక్యుమెంట్లు చూస్తుంది. పైడిరాజు ఫీల్డు మనిషి, రోజంతా పోర్టు, గాజువాక వైపు కంటైనర్ యార్డుల చుట్టూ తిరుగుతాడు. ఇద్దరి పేర్లూ మార్చాను.

డీవో అంటే షిప్పింగ్ లైన్ ఇచ్చే డెలివరీ ఆర్డర్. అది చేతికి రాకపోతే యార్డువాళ్ళు కంటైనర్‌ని బయటికి వదలరు. ఆ రోజు రెండు కంటైనర్లు బయటికి రావాలి, రాలేదు. శనివారం ట్రైలర్లు దొరకలేదు, సోమవారం దాకా అక్కడే ఉండిపోయాయి. యార్డు అద్దె, కంటైనర్ ఆలస్యానికి షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్ కలిపి 36,000 పడింది. కట్టేది లేదని సరుకు తెప్పించుకున్న పార్టీ చెప్పేసింది. మా ఓనరు గ్రూపులోనే “ఇది ఎవరి తప్పు?” అని అడిగారు.

తర్వాత గ్రూపులో జరిగింది ఇది. మాధవి “నేను మధ్యాహ్నమే పంపాను” అని రాసింది. పైడిరాజు “మెసేజ్ పడేస్తే పని అయిపోయినట్టేనా మేడమ్” అన్నాడు. ఆమె “రోడ్డు మీద తిరిగేవాళ్ళకి డాక్యుమెంట్ విలువ ఏం తెలుస్తుంది” అంది. అతను “ఏసీలో కూర్చునేవాళ్ళకి ఎండ విలువ తెలీదు” అన్నాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఇద్దరికీ మాటల్లేవు. కాగితాలన్నీ ఆఫీస్ బాయ్ చేతుల మీదుగా వెళ్ళేవి. ఒక షిప్‌మెంట్‌లో ఇన్‌వాయిస్ పాత కాపీ వెళ్ళిపోయింది, కొత్తది ఉందని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

పదో రోజున నేను మధ్యలో కూర్చున్నాను. ఎలా కూర్చున్నానో, ఎక్కడ తప్పు చేశానో చెబుతాను. నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది. ఎదుటి మనిషి చెప్పింది మళ్ళీ మన నోటితో చెప్పాలి. అతను విని “అదే, నేను చెప్పేది అదే” అనాలి. ఆ మాట వచ్చేదాకా పరిష్కారం జోలికి పోకూడదు.

## ముందు: ఇందులో నేను కూర్చోవచ్చా?

ఇద్దరిలో ఎవరి జీతమో, ప్రమోషనో నా చేతిలో ఉంటే నేను కూర్చోకూడదు. వాళ్ళు నాతో మాట్లాడరు, తమ కేసు వాదించుకుంటారు. ఇద్దరిలో ఒకరు నాకు దగ్గర స్నేహితులైనా అంతే. నా విషయంలో ఇద్దరూ రోజూ పనిచేసేవాళ్ళే, ఇద్దరి మీదా నాకు అధికారం లేదు.

ఓనరుతో ముందే ఒక మాట అనుకోవాలి. మా ఓనరు “తప్పు ఎవరిదో తేల్చి చెప్పండి” అన్నారు. తప్పు తేల్చడం, మనుషుల్ని కలపడం రెండు వేరు పనులనీ, నేను రెండోదే చేయగలననీ చెప్పాను. వాళ్ళు నాతో అన్న మాటలు మీకు చేరవు, చివర్లో పని గురించి ఏం అనుకున్నారో అది మాత్రం రాతలో ఇస్తాను అన్నాను. ఆ 36,000 ఎవరు భరించాలన్నది మీరే తేల్చుకోండి, అది నా గదిలోకి రాదు అన్నాను. ఆయనకి అంత నచ్చలేదు గానీ ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే నేను కూర్చునేదాన్ని కాదు.

కొన్ని గొడవల్లో మధ్యవర్తిత్వమే తప్పు. లైంగిక వేధింపు ఫిర్యాదు అయితే అది 2013 చట్టం కింద ఆఫీసులోని అంతర్గత కమిటీకి వెళ్ళాలి. పది మంది కంటే తక్కువ ఉన్న చోట జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. అందులో రాజీ ప్రయత్నం కూడా ఫిర్యాదు చేసిన ఆమె తనంతట తాను కోరితేనే, అదీ కమిటీ ద్వారానే. డబ్బుతో రాజీ చేయడానికి వీల్లేదు. “పోనీలెండి, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడదాం” అనుకోవడం అక్కడ మేలు కాదు, ఆమెకి అన్యాయం. కులం పేరుతో దూషించినా, చెయ్యి చేసుకున్నా ఇంతే. అలాంటి వాటికి వేరే దారులున్నాయి, మన కుర్చీ వాటికి పనికిరాదు.

## విడివిడిగా వినడం

ఇద్దర్నీ ఒకే రోజు వినాలి. ఒకరిని సోమవారం, రెండోవారిని బుధవారం వింటే, మధ్యలో రెండు రోజులు మొదటి కథే మన బుర్రలో స్థిరపడుతుంది. రెండో మనిషి మాట్లాడుతుంటే దాన్ని ఆ కథతో పోల్చుకుంటూ వింటాం. నేను మాధవిని సాయంత్రం ఐదున్నరకీ, పైడిరాజుని ఆరున్నరకీ కలిశాను. ఒక్కొక్కరికీ అరగంట అనుకున్నాను, పైడిరాజుకి యాభై నిమిషాలు పట్టింది. మొదట ఎవరిని విన్నానో ఇద్దరికీ చెప్పాను. దాచిపెడితే అది ఎలాగూ తెలుస్తుంది.

చోటు గురించి ఒక మాట. ఆఫీసు కింద టీ కొట్టు పనికిరాదు, అక్కడ విననివాళ్ళుండరు. మాధవితో మీటింగ్ గదిలో కూర్చున్నాను. పైడిరాజు గదిలో నోరు విప్పడని నాకు తెలుసు. అతన్ని ఆర్‌కే బీచ్‌కి తీసుకెళ్ళి, నడుస్తూ మాట్లాడించాను. పక్కపక్కన నడుస్తుంటే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. కొందరికి అలా అయితేనే మాట వస్తుంది. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టడానికి మాత్రం బీచ్ వద్దు. గాలి హోరులో గొంతు పెంచాల్సి వస్తుంది, గొంతు పెరిగితే కోపం కూడా వస్తుంది.

మొదటి ప్రశ్న “ఎందుకలా చేశావు?” కాకూడదు. ఆ “ఎందుకు”లోనే నింద ఉంది, వినగానే మనిషి సంజాయిషీలోకి దిగిపోతాడు. “ఆ శుక్రవారం పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పు” అని అడిగితే కథ వస్తుంది.

వినేటప్పుడు మన అలవాటు మాట ఒకటి జాగ్రత్తగా చూసుకోవాలి. ఎవరైనా చెబుతుంటే మనం “అవును, అవును” అంటూ తలూపుతాం. మన ఉద్దేశం “వింటున్నాను” అని మాత్రమే. చెప్పేవాళ్ళకి అది “నువ్వన్నది నిజమే”గా చేరుతుంది. రేపు కలిపి కూర్చోబెట్టినప్పుడు “నిన్న మీరు కూడా అవునన్నారు కదా” అంటారు. నేను “ఊఁ”, “ఆ, చెప్పు”, “తర్వాత?” వీటితోనే సరిపెట్టుకుంటాను. “అయ్యో పాపం” కూడా అనను. ఆ పాపం వెంటనే రెండోవాళ్ళ మీద తీర్పు అయిపోతుంది.

మనిషి ఆగినప్పుడు మనమూ ఆగాలి. మనసులో ఐదు లెక్కపెట్టాలి. అసలు విషయం చాలాసార్లు ఆ ఐదంకెల తర్వాతే వస్తుంది. ఎదుటివాళ్ళు గొంతు పెంచితే “శాంతంగా మాట్లాడండి” అనకండి, ఆ మాట విని శాంతించినవాళ్ళని నేను చూడలేదు. మన గొంతు కాస్త తగ్గించి, నెమ్మదిగా “ఇంకోసారి చెప్పండి, రాసుకుంటున్నాను” అంటే చాలు. చేతి రాతకి తగ్గట్టు వాళ్ళ వేగం దానంతటదే తగ్గుతుంది. ముందుగా అనుమతి అడిగే రాసుకోవాలి, పని అయ్యాక ఆ కాగితం వాళ్ళ ముందే చించేయాలి.

కాగితం మధ్యలో ఒక గీత గీస్తాను. ఎడమ పక్క కళ్ళకి కనిపించినవి: ఎన్ని గంటలకి, ఎవరు, ఏ మాట. కుడి పక్క వాళ్ళు దాన్ని ఏమని అర్థం చేసుకున్నారు. “1:10కి మెసేజ్ పెట్టాను” ఎడమ పక్కకి వెళ్తుంది. “కావాలనే ఫోన్ చూడలేదు” కుడి పక్కకి. రెండూ రాయాలి, కలపకూడదు. బాధ ఏ మాటలో చెప్పారో ఆ మాటనే అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. అది తర్వాత అవసరం పడుతుంది.

## తిరిగి చెప్పడం

అసలు పని ఇక్కడే ఉంది. నేను మొదట తప్పు చేసిందీ ఇక్కడే.

బీచ్ మీద పైడిరాజు చెప్పిందంతా విని నేను ఇలా అన్నాను. “అయితే డీవో టైముకి నీ దృష్టికి రాలేదు, ఆ నింద నీ మీద పడింది, అదే నీ కోపం.”

అతను ఆగిపోయాడు. “కాదక్కా” అన్నాడు. “డీవో సంగతి ఎప్పుడూ ఉండేదే. రోడ్డు మీద తిరిగేవోళ్లని రాసింది కదా, అందరూ చూసే గ్రూపులో. మా నాన్న హార్బర్లో కలాసీగా చేసేడు. నేనూ రోడ్డు మీద తిరిగేవోడినే. అయితే ఏటి? కస్టమ్స్ బిల్లు ఆఫ్ ఎంట్రీ నాకు సదవడం రాదా?”

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ అతను చెప్పిన పెద్ద విషయం వదిలేసి, నాకు సులువుగా అర్థమైన చిన్న విషయం పట్టుకున్నాను. ఆఫీసు గొడవ కాబట్టి ఆఫీసు విషయమే ఉంటుందని ముందే అనుకున్నాను. మళ్ళీ చెప్పాను.

“ఆ రోజు పొద్దున్నుంచి యార్డులో వేరే కంటైనర్ కస్టమ్స్ ఎగ్జామినేషన్‌లో ఉన్నావు. లోపల సిగ్నల్ లేదు, బయటికొచ్చి 4:40కి మెసేజ్ చూశావు. అప్పటికి చేసేదేమీ లేదు. దాని మీద ఎంత మాటన్నా పడేవాడివి. కానీ అందరి ముందు ‘రోడ్డు మీద తిరిగేవాళ్ళు’ అనడం నీ చదువునీ, మీ నాన్న పనినీ కలిపి తక్కువ చేసినట్టు తగిలింది. ఇంకోసారి అలాంటి మాట గ్రూపులో రాకూడదని నీ కోరిక. సరిగ్గా చెప్పానా? ఏమైనా వదిలేశానా?”

అతను సముద్రం వైపు చూస్తూ కాసేపు నడిచాడు. తర్వాత “అదే అక్కా. అదే” అన్నాడు. భుజాలు కిందికి దిగాయి. అంతవరకూ చేతిలో తిప్పుతున్న బండి తాళం జేబులో పెట్టుకున్నాడు. ఇలాంటి గుర్తులు చూడాలి. నోటితో “ఆ, అంతే లెండి” అని, మొహం అటు తిప్పుకుంటే మనం చెప్పింది తగల్లేదని అర్థం. తగిలితే మనిషి ఒక్క క్షణం మౌనంగా ఉంటాడు. కొన్నిసార్లు అప్పటిదాకా చెప్పని కొత్త విషయం చెబుతాడు. పైడిరాజు కూడా చెప్పాడు: “మేడమ్ రెండు మూడుసార్లు కాల్ చేసి వదిలేసింది గతంలో. నేను తిరిగి చెయ్యలేదు. అది నాదే.”

తిరిగి చెప్పేదాంట్లో మూడు విషయాలు ఉండాలి: ఏం జరిగింది, అది అతనికి ఎలా తగిలింది, ఇప్పుడేం కావాలి. తగిలిన సంగతి మన మాటల్లోకి మార్చకూడదు. అతను “పరువు పోయింది” అంటే మనం “కాస్త ఇబ్బంది పడ్డావు” అనకూడదు. కోపాన్ని తగ్గించి చెబితే చల్లారుతుందనుకుంటాం. నిజానికి తన బాధ చిన్నదయిపోయిందని అతను ఇంకా గట్టిగా చెబుతాడు. అతను తిట్టిన తిట్టుని మాత్రం మళ్ళీ పలకక్కర్లేదు, దాని వెనకున్న ఫిర్యాదు చెబితే చాలు.

మాధవి విషయంలో నేను తొందరపడలేదు. ఆమె చెప్పింది ఇది: అంతకుముందు నెలలో మూడుసార్లు డీవో వచ్చినప్పుడు ఫోన్ చేసింది, అతను ఎత్తలేదు, తిరిగి చేయలేదు. నాలుగోసారి నుంచి ఫోన్ చేయడం మానేసి మెసేజ్ పెడుతోంది. “నేను బతిమాలుకోవాలా మేడమ్? నా పని నేను చేశాను. ఓనరు గ్రూపులో అడిగేసరికి పదకొండేళ్ళ నా సర్వీసు ఒక్క ప్రశ్నతో తుడిచిపెట్టుకుపోయినట్టు అనిపించింది.” నేను తిరిగి చెప్పాను: “మూడుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. అందుకే మెసేజ్‌కి మారారు. 1:10కి పెట్టారు. ఓనరు అందరి ముందు అడిగినప్పుడు పదకొండేళ్ళ సర్వీసు తుడిచిపెట్టుకుపోయినట్టు అనిపించింది. మీరు పంపింది అవతల అందిందో లేదో తెలిసే దారి ఒకటి కావాలి.” ఆమె “ఊఁ” అని, తర్వాత తనే “ఆ రోడ్డు మాట నేను అనకుండా ఉండాల్సింది” అంది. నేను దాన్ని పట్టుకోలేదు. అది ఆమె చెప్పుకోవాల్సిన చోట చెప్పుకుంటుంది.

## మన భాషలో పక్షపాతం ఎక్కడ దాక్కుంటుందో

ఇద్దరి మాటలూ పక్కపక్కన చెప్పేటప్పుడు తెలుగు మనకి తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

“మాధవి 1:10కి పంపింది. సిగ్నల్ లేదని పైడిరాజు అంటున్నాడు.” ఈ రెండు వాక్యాలు వినండి. ఆమెది జరిగిన విషయం అయిపోయింది, అతనిది ఉత్త మాట అయిపోయింది. “సిగ్నల్ లేదట” అంటే ఇంకా ఘోరం, ఆ “అట”లో అనుమానం వినిపిస్తుంది. ఇద్దరికీ ఒకే క్రియ వాడాలి. “పంపానని మాధవి చెప్పారు, సిగ్నల్ లేదని పైడిరాజు చెప్పారు.” అంతే. ఇద్దరూ ఒప్పుకున్న విషయాలైతే ఇద్దరికీ “జరిగింది” అనే చెప్పాలి.

రెండోది “కానీ”. “పైడిరాజు యార్డులో ఉన్నాడు, కానీ మాధవి మెసేజ్ పెట్టింది.” ఆ “కానీ” ముందు వాక్యాన్ని మింగేస్తుంది. “ఒకవైపు పైడిరాజు యార్డు లోపల ఉన్నారు. అదే సమయానికి మాధవి మెసేజ్ పెట్టారు.” ఇలా రెండూ నిలబడతాయి.

మూడోది గౌరవం. మా ఆఫీసులో అందరూ ఆమెని మాధవి గారు అంటారు, అతన్ని పైడిరాజు అంటారు. ఆమె అతన్ని “నువ్వు” అంటుంది, అతను ఆమెని “మేడమ్, మీరు” అంటాడు. నేనూ అతన్ని నువ్వనే పిలుస్తాను. కలిపి కూర్చున్న గదిలో మాత్రం ఇద్దర్నీ “మీరు” అన్నాను, “పైడిరాజు గారు” అన్నాను. మొదటిసారి అన్నప్పుడు అతను తలెత్తి చూశాడు. అసలు గొడవే తక్కువ చేసి మాట్లాడటం గురించి అయినప్పుడు, మధ్యవర్తి నోట్లో ఒకరు గారు, ఇంకొకరు వట్టి పేరు అయితే ఎంత న్యాయంగా మాట్లాడినా లాభం లేదు. ఈ విషయం ఆ రోజు ముందే గమనించినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఇంకొకటి, “ఇద్దరిదీ తప్పుంది లెండి” అనే మాట. మనకి అది న్యాయంగా వినిపిస్తుంది. వినేవాళ్ళకి, మీరిద్దరిలో ఎవరి మాటా నేను పూర్తిగా వినలేదని చెప్పినట్టు ఉంటుంది. న్యాయంగా చెప్పడమంటే తప్పు సగం సగం పంచడం కాదు, ఇద్దరి మాటనీ ఎవరిది వాళ్ళకి పూర్తిగా చెప్పడం.

## కలిపి కూర్చోబెట్టడం

విడిగా విన్నాక, రేపు గదిలో ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అని ఇద్దర్నీ అడగాలి. పైడిరాజు “నాన్న సంగతి మీరు చెప్పకండి, అవసరమైతే నేనే చెప్పుకుంటాను” అన్నాడు. మాధవి ఏమీ ఆపలేదు.

మర్నాడు సాయంత్రం ఆరు తర్వాత, షిప్ పనులు లేని రోజు చూసి, మీటింగ్ గదిలో కూర్చున్నాం. ముప్పావు గంట అనుకున్నాం. ఫోన్లు బయట పెట్టేశాం. కుర్చీలు ఎదురెదురుగా వేయలేదు, టేబుల్ మూల దగ్గర ముగ్గురం ఎల్ ఆకారంలో కూర్చున్నాం. ఇద్దరూ నాతో కాకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే కొంచెం తల తిప్పితే చాలు.

రెండు నియమాలే పెట్టాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆపకూడదు. రెండోది, జవాబు చెప్పే ముందు అవతలివాళ్ళు చెప్పింది వాళ్ళు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. ఈ రెండో నియమం నాది కాదు. 1951లో కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక ప్రసంగంలో చెప్పింది: ముందు మాట్లాడినవారి ఆలోచననీ భావాన్నీ వాళ్ళకి తృప్తి కలిగేలా చెప్పాకే తన మాట చెప్పుకోవాలని. వినడానికి సులువు. కోపంలో ఉన్నప్పుడు చేసి చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది.

మొదట నేనే ఇద్దరి కథలూ తిరిగి చెప్పాను, ఒక్కొక్కరిదీ రెండు నిమిషాలు మించకుండా. ప్రతిదాని తర్వాత ఆ మనిషినే అడిగాను, సరిగ్గా ఉందా అని. అవతలి మనిషి కథని మూడో మనిషి నోట, నింద లేకుండా వినడం ఇద్దరికీ ఇదే మొదటిసారి. మూడుసార్లు ఫోన్ చేసిన సంగతి చెప్పినప్పుడు పైడిరాజు తల దించుకున్నాడు. యార్డులో సిగ్నల్ లేదన్నప్పుడు మాధవి “ఏ యార్డు?” అని అడిగింది. పదకొండేళ్ళలో ఆమె ఆ యార్డు లోపలికి వెళ్ళలేదు.

తర్వాత మాధవి వంతు. “పైడిరాజు గారు చెప్పింది మీ మాటల్లో చెప్పండి” అన్నాను.

“తను పనిలో ఉండి ఫోన్ పట్టించుకోలేదు, నేనన్న మాటకి ఫీలయ్యాడు” అంది.

పైడిరాజు కుర్చీలో ముందుకి జరిగాడు. నేను చెయ్యి కొంచెం ఎత్తాను. ఈ క్షణంలో మధ్యవర్తి వదిలేస్తే అంతా మొదటికొస్తుంది. “పట్టించుకోలేదు” అన్నది ఆమె అభిప్రాయం, అతను చెప్పింది కాదు. “ఫీలయ్యాడు” అనగానే అదేదో అతని సున్నితం అయిపోయింది. ఆమెని తప్పుపట్టకుండా అడిగాను: “పైడిరాజు గారూ, ఇందులో ఏది సరిగ్గా ఉంది, ఏది మార్చాలి?”

“పట్టించుకోలేదు కాదు మేడమ్, చూసే వీల్లేదు. ఇంకోటి, ఫీలవడం కాదు. మా నాన్న కూడా అదే రోడ్డు మీద పని చేసి మమ్మల్ని సదివించేడు.” తను దాచమన్న మాట తనే చెప్పుకున్నాడు.

మాధవి కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఐదు కాదు, ఇరవై దాకా లెక్కపెట్టి ఉంటాను. తర్వాత ఆమె అంది: “మీరు లోపల ఉన్నారు, చూసే వీల్లేదు. నేను రాసిన మాట మీకే కాదు, మీ నాన్నగారికి కూడా తగిలింది.” ఆమె అతన్ని “మీరు” అనడం నేను మొదటిసారి విన్నాను. “అది నేను రాయకూడదు” అని కూడా అంది. నేను క్షమాపణ చెప్పమని అడగలేదు. అడిగి చెప్పించిన సారీ గది దాటాక నిలవదు.

పైడిరాజు వంతులో అతను ఒక్కసారికే సరిగ్గా చెప్పాడు. “మూడుసార్లు చేసేరు, ఎత్తలేదు. మళ్ళీ నేను చెయ్యలేదు. బతిమాలుకున్నట్టు ఉంటుందని మీరు ఆపేశారు. ఓనరు అడిగేసరికి పదకొండేళ్ళూ పోయినట్టయ్యింది.” మాధవి “అదే” అంది.

## అప్పుడు మాత్రమే పని సంగతి

ఇక్కడిదాకా నలభై నిమిషాలు పట్టింది. దారి వెతకడానికి ఎనిమిది నిమిషాలు చాలాయి. ఇది తరచూ ఇలాగే ఉంటుంది. మొదటి నలభై నిమిషాలు దాటేసి నేరుగా “ఇకనుంచి ఇలా చేద్దాం” అంటే ఇద్దరూ ఊఁ అంటారు, వారం తిరక్కుండా మళ్ళీ అదే మొదలవుతుంది.

సలహా నేను ఇవ్వలేదు, అడిగాను: “మళ్ళీ శుక్రవారం డీవో వస్తే ఏం జరగాలి?” వాళ్ళే తేల్చుకున్నారు. డీవో రాగానే మాధవి ఫోన్ చేస్తుంది. పది నిమిషాల్లో ఎత్తకపోతే యార్డు గేటు దగ్గరుండే మా రెండో ఫీల్డు కుర్రాడికి చేస్తుంది, అతను లోపలికి వెళ్ళి చెబుతాడు. పైడిరాజు చూసిన వెంటనే “అందింది” అని ఒక్క మాట పెడతాడు. పని మీద గొడవ వస్తే గ్రూపులో రాయరు, ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. నాలుగు వాక్యాలు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ చదివారు. ఓనరుకి ఇచ్చింది ఆ కాగితమే.

ఒప్పందంలో “పరస్పరం గౌరవించుకోవాలి” లాంటి వాక్యం రానివ్వకండి. దాన్ని పాటించారో లేదో ఎవరూ చెప్పలేరు. ఎవరు, ఏ సమయంలో, ఏం చేస్తారు అన్నది కనిపించాలి.

## ఆగాల్సిన చోటు

మధ్యలో ఎవరైనా వణుకుతున్నా, ఏడుపు ఆపుకోలేకపోతున్నా, లేదా రెండోసారి కూడా ఎగతాళిగానే తిరిగి చెబుతున్నా ఆపేయాలి. “ఈ రోజుకి ఇక్కడ ఆగుదాం” అని చెప్పి మళ్ళీ విడివిడిగా కలవాలి. ఇద్దరిలో ఒకరు అవతలివాళ్ళంటే భయపడుతున్నట్టు తెలిస్తే, అది కలిపి కూర్చోబెట్టే గొడవే కాదు. ఆ భయాన్ని ఎలా గుర్తుపట్టాలంటే, విడిగా ఉన్నప్పుడు ధారగా చెప్పినవాళ్ళు కలిపి కూర్చోగానే “ఏం లేదు లెండి, నాదే తప్పు” అంటారు. అది రాజీ కాదు. మీటింగ్ ముగించి, ఆ మనిషిని ఆ రోజే ఒంటరిగా కలవండి.

ఆ గది దాటాక వారం తర్వాత ఒకసారి, మళ్ళీ పద్దెనిమిదో రోజున ఒకసారి ఇద్దర్నీ విడిగా అడిగాను. “ఎలా ఉంది?” అనలేదు. “ఈ వారం డీవోలు ఎన్ని వచ్చాయి? ఎన్నింటికి అందింది అని వచ్చింది?” అన్నాను. మొదటి వారం ఐదు వచ్చాయి, నాలుగింటికే జవాబు. ఐదోదానికి మాధవి గేటు దగ్గర కుర్రాడికి ఫోన్ చేసింది. కోపం రాలేదా అని అడిగితే “దానికేగా ఆ రెండో నంబరు” అంది.

ఇద్దరూ ఇప్పటికీ కలిసి భోజనం చేయరు. 36,000లో కొంత ఓనరు భరించారు, కొంత పార్టీ దగ్గర మెల్లగా రాబట్టారు, ఎంతెంతో నేను అడగలేదు. ఒక సాయంత్రం పైడిరాజు యార్డు నుంచి వస్తూ మాధవిని అడిగాడు, ఒక రోజు లోపలికొచ్చి చూస్తారా మేడమ్ అని. ఆమె తర్వాతి మంగళవారం వెళ్ళింది. లోపలి నుంచి నాకు ఫోన్ చేయబోయింది, కలవలేదట. బయటికొచ్చాక ఆ మాట తనే చెప్పింది.